ఆఫ్టర్‌లో కలర్ కనిపించడం లేదా? ముందు గోడను చూడండి: హెయిర్ స్టైలిస్టుల రీల్స్‌లో సమస్యలు, పరిష్కారాలు

కటింగ్ బాగా కుదిరింది, కలర్ చక్కగా పట్టింది, కస్టమర్ అద్దంలో చూసుకుని మురిసిపోయింది. అదే పని రీల్‌గా పెడితే ఎవరూ ఆగి చూడలేదు. అప్పుడు చాలామంది పాట మారుస్తారు, హ్యాష్‌ట్యాగులు మారుస్తారు, పెట్టే టైము మారుస్తారు. ఈ మూడింటి జోలికి వెళ్లే ముందు చూడాల్సింది ఒకటుంది. రీల్ కింద Insights నొక్కితే, ఏ సెకనులో ఎంతమంది మిగిలారో చూపే గీత వస్తుంది. యూట్యూబ్ షార్ట్స్‌కి అయితే ఇదే గీత యూట్యూబ్ స్టూడియోలో ఉంటుంది. తెరిచి చూడటానికి అర నిమిషం పట్టదు, అయినా దీన్ని దాటేసి మిగతావన్నీ చేసేవాళ్లే ఎక్కువ. ఆ గీత ఎక్కడ పడిపోయిందో అక్కడే జబ్బు ఉంది.

లక్షణం: మొదటి మూడు సెకన్లలోనే గీత పడిపోతోంది

కారణం దాదాపు ఎప్పుడూ ఒక్కటే. వీడియో సెలూన్ బోర్డుతోనో, లోగోతోనో, కస్టమర్ మెడకు గుడ్డ కడుతూనో మొదలవుతోంది. చూసేవాళ్లకు మీ సెలూన్ ఇంకా తెలియదు. వాళ్లను ఆపగలిగేది జుట్టు ఒక్కటే.

పూర్తయిన జుట్టును మొదటి ఒకటిన్నర సెకనులోనే పెట్టండి. నిశ్చలంగా ఉన్న ఫొటో వద్దు, కస్టమర్ తల తిప్పుతుండగా చివర్లు ఊగే క్షణం కావాలి. వెంటనే బిఫోర్‌కి వెళ్లండి. ఫలితం ముందే చూపిస్తే చివరిదాకా ఎవరు చూస్తారని కొందరికి సందేహం. ఈ జుట్టు అలా ఎలా అయిందో తెలుసుకోవాలనే ఎవరైనా ఆగుతారు.

లక్షణం: గీత బాగానే నడిచి, ఆఫ్టర్ దగ్గర పడిపోతోంది, "తేడా ఏముంది?", "కలర్ పడలేదు కదా?" అని కామెంట్లు

దీని అసలు కారణం చాలామందికి తట్టదు. పని బాగా లేదేమో అనుకుంటారు, లేదా ఫోన్ పాతదని కొత్తది కొంటారు. కొత్త ఫోన్‌లోనూ అదే జరుగుతుంది.

ఫోన్ కెమెరా తన ముందున్న దృశ్యం మొత్తాన్ని సగటున ఓ మోస్తరు వెలుగుకి తేవాలని చూస్తుంది. ఫ్రేము నిండా నల్లజుట్టు, దాని కింద నల్లగుడ్డ ఉంటే, చీకటిగా ఉందనుకుని వెలుగు పెంచేస్తుంది. అప్పుడు నల్లజుట్టు బూడిద రంగులోకి వెళ్లి, మెరుపు పోతుంది. గుడ్డ తీసేశాక కస్టమర్ లేత రంగు డ్రెస్‌లో ఉంటే, వెలుగు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. అప్పుడు జుట్టంతా నల్లటి ముద్దలా కనిపిస్తుంది. మీరు గంటన్నర కూర్చుని తీసిన లేయర్లు ఆ ముద్దలో కలిసిపోతాయి.

రంగు విషయంలోనూ ఇంతే. కెమెరా దృశ్యంలోని రంగుల్ని బట్టి తెల్లదనం ఎలా ఉండాలో తనే ఊహిస్తుంది. పసుపు డ్రెస్సో, నారింజ గోడో ఎక్కువగా కనిపిస్తే మొత్తాన్ని నీలం వైపు లాగుతుంది. అద్దం చుట్టూ పసుపు బల్బులు, పైన తెల్ల ట్యూబ్‌లైట్, పక్కన కిటికీ వెలుగు, ఈ మూడూ ఒకేసారి జుట్టు మీద పడితే దాని లెక్క మరీ తప్పుతుంది. క్యారమెల్ హైలైట్స్ ఒక క్లిప్‌లో ఇటుక రంగులో, ఇంకో క్లిప్‌లో చల్లారిన టీ రంగులో వస్తాయి.

మీ వీడియోలో జరిగింది ఇదేనా అని తేల్చుకోవడం తేలిక. బిఫోర్ నుంచి ఒక ఫ్రేము, ఆఫ్టర్ నుంచి ఒక ఫ్రేము స్క్రీన్‌షాట్ తీసి పక్కపక్కన పెట్టండి. జుట్టును చూడకండి, వెనక ఉన్న గోడను చూడండి. మీ గోడకు మీరు రంగు వేయలేదు. దాని రంగు రెండింటిలో వేరుగా ఉందంటే మారింది కెమెరా. గోడ ఒకేలా ఉండి కూడా జుట్టులో తేడా తెలియకపోతే, అప్పుడు వెలుగు పడే దిక్కు గురించి ఆలోచించాలి.

ఒక ఉదాహరణ తీసుకుందాం. భుజాల కిందికి వచ్చే నల్లజుట్టు, దానికి లేయర్ కట్, క్యారమెల్ హైలైట్స్. బిఫోర్‌ను అద్దం ముందు, పసుపు బల్బుల వెలుగులో, జుట్టు క్లిప్పులో ఉండగా తీశారు. ఆఫ్టర్‌ను తలుపు దగ్గర, ఆకుపచ్చ గోడ ముందు, నల్లగుడ్డ తీసేసి తీశారు. చోటు, వెలుగు, గుడ్డ, వెనక గోడ, నాలుగూ మారాయి. చూసేవాళ్లకు జుట్టులో వచ్చిన మార్పు ఏదో, మిగతా మార్పు ఏదో విడదీసుకునే వీలే లేదు.

అదే పని ఇలా తీయాలి. కుర్చీ ఎక్కడ ఉండాలో, ట్రైపాడ్ కాళ్లు ఎక్కడ ఉండాలో నేల మీద టేపు అంటించండి. బిఫోర్, ఆఫ్టర్ రెండూ ఆ గుర్తుల మీదే. వెనక లేత బూడిద రంగు గోడగానీ, మీగడ రంగు దుప్పటిగానీ, కస్టమర్‌కి నాలుగడుగుల దూరంలో ఉంటే నల్లజుట్టు అంచులు విడిగా తెలుస్తాయి. ముదురు గోడ ముందు అవి కనబడవు. గుడ్డ ఉంటే రెండింటిలోనూ ఉండాలి, లేకపోతే రెండింటిలోనూ తీసేయాలి.

వెలుగు ఒక్క రకమే ఉంచండి. పగలైతే కిటికీ చాలు, అద్దం బల్బులు ఆపేయండి. రాత్రయితే తెల్ల లైటు ఒక్కటే. అది జుట్టుకి పక్క నుంచి, కాస్త వెనక నుంచి పడాలి. నల్లజుట్టు ఆకారం కంటికి తెలిసేది దాని మీద పడే మెరుపు చారవల్లే. రింగ్ లైటును ఎదురుగా పెడితే ముఖం బాగుంటుంది, జుట్టు మాత్రం అట్టముక్కలా చదునుగా కనిపిస్తుంది. అదే లైటును మూడు, నాలుగు అడుగుల దూరంలో పక్కకి జరపండి. చార ఒక్కో లేయర్ దగ్గర విరుగుతుంది, అప్పుడే కట్ కనబడుతుంది.

ఇక కెమెరాను కట్టేయాలి. ఐఫోన్‌లో జుట్టు మీద వేలు అదిమి పట్టుకుంటే AE/AF LOCK అని వస్తుంది. తర్వాత పక్కనున్న సూర్యుడి గుర్తును కొద్దిగా కిందికి లాగండి, జుట్టు బూడిదలోంచి నలుపులోకి వచ్చేదాకా చాలు. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ ఇలాగే అదిమి పడితే తాళం గుర్తు వస్తుంది. ప్రో వీడియో మోడ్ ఉంటే వైట్ బ్యాలెన్స్‌ను కూడా ఒక అంకె మీద ఆపి, ఆ అంకెను రాసుకోండి. బిఫోర్‌కీ ఆఫ్టర్‌కీ అదే అంకె. ఒక జాగ్రత్త: ఆటో మోడ్‌లో తీసేటప్పుడు పెట్టిన లాక్ మీద పూర్తిగా ఆధారపడకండి. కెమెరా మూసి మళ్లీ తెరిస్తే అది పోతుంది, మధ్యలో మూడు గంటల పని ఉంటుంది. అందుకే చోటు, వెలుగు, గుడ్డ మారకుండా చూసుకోవడమే గట్టి మందు.

ఇప్పటికే తీసేసిన క్లిప్పులైతే ఎడిటింగ్‌లో కొంతవరకు సరిచేయొచ్చు. ఫిల్టర్ వేయకముందే ఒక్కో క్లిప్‌కీ వెలుగు, టెంపరేచర్ విడివిడిగా జరపండి. రెండింటిలో గోడ ఒకేలా కనిపించగానే ఆపేయండి. ఆఫ్టర్‌కి మాత్రమే వేడి రంగు ఫిల్టర్ వేస్తే హైలైట్స్‌తో పాటు ముఖం కూడా పసుపెక్కుతుంది. చూసేవాళ్లు దాన్ని ఇట్టే పట్టేస్తారు, ఆ తర్వాత మీ అసలు పనిని కూడా నమ్మరు. బిఫోర్‌లో నూనె రాసి ముడి వేసిన జుట్టు, ఆఫ్టర్‌లో బ్లో డ్రై చేసిన జుట్టు చూపించడమూ అలాంటిదే. బిఫోర్ తీసే ముందు ఒకసారి దువ్వి, వదులుగా వదలండి.

లక్షణం: చూస్తున్నారు, ఫాలో అవ్వడం లేదు

వరసగా ఆఫ్టర్లు, వెనక పాట. చూడ్డానికి బాగుంటుంది, రేపు మళ్లీ రావడానికి మాత్రం కారణం దొరకదు. పరిష్కారం కుర్చీలో కూర్చున్నవాళ్లు అడిగే ప్రశ్నల్లోనే ఉంది. వారం పాటు వాటిని ఒక చీటీ మీద రాసుకుంటే నెలకు సరిపడా వీడియోలు వస్తాయి.

మన దగ్గర బాగా పనికొచ్చేది గుండు తర్వాతి జుట్టు. తిరుమలలో తలనీలాలు ఇచ్చి వచ్చాక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పైన పెరుగుతుంది. మూడో నెలలో చెవుల పక్కన పొడుచుకొస్తుంది, ఆరో నెలలో మెడ దగ్గర ముందుగా పొడుగై వెనక తోకలా కనిపిస్తుంది. ఒక్కో దశలో ఎక్కడ కత్తిరించాలి, ఎక్కడ ముట్టకూడదు అనేది మూడు నాలుగు వీడియోల వరస. మొదటిది చూసినవాళ్లకు తర్వాతిది కావాలి, అందుకని ఫాలో అవుతారు. "ఆరు నెలలుగా హెన్నా పెడుతున్నాను, ఇప్పుడు కలర్ వేయించుకోవచ్చా?" అనేది ఇంకొకటి. ఒక పాయ తీసి దాని మీద పరీక్ష చేస్తూ చూపండి. లోహపు లవణాలు కలిపిన హెన్నా పొడులు బ్లీచ్‌తో కలిస్తే జుట్టు వేడెక్కి పాడయ్యే ప్రమాదం ఉంది, అది తప్పక చెప్పండి. పూలజడ వేస్తుంటే, బరువు ఆగడానికి పిన్నులు ఎక్కడ గుచ్చుతున్నారో దగ్గరగా చూపిస్తే చాలు.

మీ ఊరు, పేట పేరు మాటల్లోనూ తెర మీద అక్షరాల్లోనూ రావాలి. మీ కుర్చీ దాకా రాగలిగినవాళ్లే మీకు కావాల్సినవాళ్లు.

ఎడిటింగ్: పద్దెనిమిది సెకన్లు, ఇదే వరస

పైన చెప్పిన హైలైట్స్ పనినే తీసుకుంటే: తల తిప్పే ఆఫ్టర్ ఒకటిన్నర సెకను, వెనక నుంచి బిఫోర్ రెండున్నర, ఫాయిల్ మడత రెండు, కడిగాక తడిజుట్టు రెండు, చివర్ల దగ్గర కత్తెర రెండు, బ్లో డ్రై రెండు, గుర్తు మీద కూర్చున్న ఆఫ్టర్ ఆరు. పని జరిగేటప్పుడు ఒక్కో ఘట్టానికి పది సెకన్లు తీస్తే సరిపోతుంది, గంటల కొద్దీ రికార్డు చేస్తే ఏరుకోవడానికే ఓపిక పోతుంది.

ఎడిటర్‌లో మొదట ఈ వరసలో పేర్చి కత్తిరించండి, తర్వాత క్లిప్పుల్లో గోడ ఒకేలా కనిపించేలా సరిచేయండి, తర్వాత ఒక్క వాక్యం అక్షరాలు, చివర పాట. అక్షరాల్ని తెర మధ్యకు పైన పెట్టండి. కింద క్యాప్షన్, కుడివైపు బటన్లు కప్పేస్తాయి. పాటను ముందే పెడితే దాని తాళానికి క్లిప్పులు సాగదీస్తారు, బిఫోర్ కనిపించకుండానే వెళ్లిపోతుంది.

అరుదైనవి

వీడియో మసకగా ఉంటే లెన్స్ తుడవండి, హెయిర్ స్ప్రే పొర పట్టి ఉంటుంది. అప్పటికీ మసకేనా? ఎడిట్ చేసే అబ్బాయికి వాట్సాప్‌లో వీడియోగా పంపుంటారు. డాక్యుమెంట్‌గా పంపండి. స్లో మోషన్‌లో నల్లచారలు పాకుతుంటే అవి ఎల్‌ఈడీ లైట్ల మినుకు, ఆ ఒక్క షాట్ కిటికీ దగ్గర తీయండి. కోరుకున్న పాట దొరకకపోతే అకౌంటు బిజినెస్ రకంలో ఉందేమో చూడండి. అకౌంటును తొక్కేస్తున్నారన్న అనుమానం ఉంటే సెట్టింగ్స్‌లో Account Status తెరవండి, అక్కడ ఏమీ లేకపోతే ఆ ఆలోచన వదిలేసి మళ్లీ గీత దగ్గరికి రండి.