పాఠశాల కబడ్డీ జట్టు మీద ఏడాది పొడవునా డాక్యుమెంటరీ తీసేవారు సీజన్‌కు ముందే తీసుకోవలసిన జాగ్రత్తలు

జూన్‌లో బడులు తెరవగానే విశాఖలో ఏదో ఒక ఉన్నత పాఠశాల మైదానంలో సున్నంతో కబడ్డీ గీతలు వేయడం మొదలవుతుంది. ఆ జట్టును ఆ ఏడాదంతా అనుసరించి డాక్యుమెంటరీ తీద్దామనే ఆలోచన కూడా సాధారణంగా అప్పుడే పుడుతుంది. గాజువాక వైపు ఉన్న ఒక పాఠశాల అమ్మాయిల జట్టుతో, పదిహేడేళ్ళలోపు విభాగంలో, మేము అలా ఒక సీజన్ గడిపాము. ఆ పనిలో మాకు ఆలస్యంగా తెలిసినవాటిని, ఈ ఏడాది కెమెరా పట్టబోయేవారికి మొదటి ప్రాక్టీసుకు ముందే ఉపయోగపడతాయని ఇక్కడ రాస్తున్నాను.

ఫైనల్ మీద చిత్రాన్ని నిలబెట్టకండి

చాలామంది మనసులో ఒక రేఖాచిత్రం ముందే ఉంటుంది: మొదట బలహీనంగా ఉన్న జట్టు మధ్యలో దెబ్బతిని, చివరికి ఫైనల్లో గెలుస్తుంది, లేదా గౌరవంగా ఓడుతుంది. పాఠశాల క్రీడల నిర్మాణం ఈ రేఖకు సహకరించదు. కింది స్థాయి పోటీలు ఎక్కువగా నాకౌట్ పద్ధతిలో, ఒకటి రెండు రోజుల్లోనే ముగుస్తాయి కనుక ఉదయం మొదటి మ్యాచ్‌లో ఓడిన జట్టుకు ఆ ఏడాది అక్కడితో అయిపోయినట్టే. అంతకంటే ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. రాష్ట్ర పోటీలకు వెళ్ళేది పాఠశాల జట్టు కాదు, ఎంపికైన పిల్లలతో కూర్చిన జిల్లా జట్టు. అంటే మీ జట్టు ఎంత బాగా ఆడినా ఒక దశ దాటాక అది మీ జట్టుగా ఉండదు, పన్నెండు మందిలో ఒకరో ఇద్దరో మరో బనియను వేసుకుని బస్సెక్కుతారు.

కాబట్టి సీజన్ మొదలయ్యే ముందే రెండు ప్రశ్నలకు కాగితం మీద జవాబు రాసుకోవాలి. జట్టు మొదటి రోజే ఓడిపోతే చిత్రం దేని గురించి? జట్టు గెలిచి విడిపోతే కెమెరా ఎవరి వెంట వెళుతుంది? ఈ రెండింటికీ జవాబు దొరకకపోతే మీ దగ్గర ఉన్నది ఆశ మాత్రమే, అంశం ఇంకా దొరకలేదు. మేము రెండో ప్రశ్న అసలు వేసుకోలేదు. దానికి చెల్లించిన మూల్యం గురించి చివర చెబుతాను.

గెలుపు ఓటములతో సంబంధం లేకుండా గడువు పెట్టే సంగతులు కొన్ని ఉంటాయి, వాటిని జూలైలోనే వెతికి పట్టుకోవాలి. వయసు ధ్రువపత్రాలు పరిశీలించే రోజు పీఈటీ మాస్టారి పక్కన కూర్చుంటే, వచ్చే ఏడాది ఈ విభాగంలో ఆడే అర్హత ఎవరికి ఉండదో తెలిసిపోతుంది. పదో తరగతి పిల్లలకు మార్చిలో పబ్లిక్ పరీక్షలు ఉంటాయి కనుక దసరా దాటాక ఇంట్లో ఆట మానమనే మాట వినిపించడం మొదలవుతుంది. మ్యాచ్ ఫలితం మీ చేతిలో ఉండదు, ఈ గడువులు మాత్రం ఖాయంగా వస్తాయి. చిత్రంలో ఉద్విగ్నతకు పునాదిగా వీటినే వేసుకోవాలి.

ఔటైనవాళ్ళ వరుసను ముందే చూపించండి

కబడ్డీలో ఉద్విగ్నత కూతకు వెళ్ళిన అమ్మాయి దగ్గరే ఉంటుందని అనుకుని మేము మొదటి నెలంతా ఆమెనే తీశాము. అసలు ఉద్విగ్నత గీతకు అవతల, ఔటైనవాళ్ళు కూర్చున్న చోట ఉంటుంది. ఎదుటి జట్టులో ఒకరిని ఔట్ చేస్తే మన జట్టులో ఒకరు తిరిగి లోపలికి వస్తారు. అయితే ఎవరు ముందు ఔటయ్యారో వారే ముందు రావాలి, ఇష్టమైనవారిని పిలుచుకునే వీలు లేదు. బోనస్ గీత దాటితే పాయింటు వస్తుంది గాని దానివల్ల ఎవరూ తిరిగి రారు. ఆట తెలిసినవారికి ఇవి చిన్న నియమాలుగా కనిపిస్తాయి, కథ చెప్పేవారికి మాత్రం ఇంతకంటే మంచి యంత్రం దొరకదు.

మా జట్టు నిలిచిపోయిన మ్యాచ్‌లో జరిగింది చూడండి. రెండో సగంలో నాలుగు నిమిషాలు మిగిలి ఉండగా మా జట్టు మూడు పాయింట్లు వెనకబడి ఉంది. అందరికంటే బాగా కూతకు వెళ్ళే కెప్టెన్ ఔటై బయట కూర్చుంది, వరుసలో ఆమెకు ముందు ఇద్దరున్నారు. అప్పటివరకు పెద్దగా ఎవరూ పట్టించుకోని రెండో రైడర్ వెళ్ళి బోనస్ తెచ్చింది. తేడా రెండుకు తగ్గింది గాని బయట కూర్చున్నవారిలో ఎవరూ కదలలేదు. తరువాతి కూతలో ఆమె ఇద్దరిని తాకి నడిమి గీత అందుకుంది. స్కోరు సమమైంది, ముందున్న ఇద్దరూ లోపలికి పరుగెత్తారు, కెప్టెన్ వరుసలో మొదటికి వచ్చింది. ఇంకొక్కరు ఔటైతే ఆమె లోపల ఉంటుంది. ఎదుటి జట్టు రైడర్ వచ్చి మావాళ్ళలో ఒకరిని తాకి వెళ్ళింది. మా చివరి కూత ఖాళీగా తిరిగి వచ్చింది. ఒక్క పాయింటుతో ఓడిపోయాము, కెప్టెన్ లేచి నిలబడి ఒక కాలు గీత దగ్గర పెట్టుకుని అలాగే ఉండిపోయింది.

మా రెండో కెమెరా ఆ నాలుగు నిమిషాలూ ఆమె ముఖం మీదే ఉంది. అయినా మొదటి కూర్పును కబడ్డీ తెలియని స్నేహితులకు చూపిస్తే, ఆ అమ్మాయి ఎందుకు కూర్చుంది, వెళ్ళి ఆడవచ్చు కదా అని అడిగారు. నియమం తెలియని ప్రేక్షకుడికి మలుపు మలుపుగా కనిపించదు. ఆ క్షణంలో వ్యాఖ్యానంతో నియమం చెబితే వేడి చల్లారిపోతుంది. మమ్మల్ని కాపాడింది జూలైలో తీసిన ఒక చిన్న దృశ్యం. ఆరో తరగతి నుంచి కొత్తగా వచ్చిన పిల్లలు ఔటయ్యాక ఎక్కడ పడితే అక్కడ కూర్చుంటుంటే, మాస్టారు నవ్వుతూ చెవులు పట్టి వరుసలో కూర్చోబెట్టి, ముందు ఎవరు లేవాలో చెప్పించారు. ఆ రోజు వేరే పని లేక తీసిన దృశ్యమది. దానిని చిత్రంలో పదో నిమిషం దగ్గర పెట్టాక చివరి మ్యాచ్‌కు వివరణ అవసరం రాలేదు.

అందువల్ల సీజన్‌కు ముందు పీఈటీతో ఒక గంట కూర్చుని, మ్యాచ్‌లో ఆట తిరగబడడానికి కారణమయ్యే నియమాలు ఏవో అడిగి తెలుసుకోవాలి. వాటిలో రెండింటినే ఎంచుకుని, ఎవరో నేర్చుకుంటున్నట్టుగా ప్రాక్టీసులోనే తీసిపెట్టుకోవాలి. మూడో నియమం పెడితే చిత్రం పాఠంగా మారుతుంది.

మ్యాచ్ రోజున మరొక ఇబ్బంది ఉంటుంది. ఈ పోటీల్లో విద్యుత్ స్కోరుబోర్డు దాదాపుగా ఉండదు, స్కోరు బల్ల దగ్గర కాగితం మీద ఉంటుంది. ప్రతి రెండు మూడు కూతలకు ఒకసారి ఆ కాగితాన్ని దగ్గరగా తీసుకోకపోతే, నెలల తరువాత కూర్పు బల్ల దగ్గర ఏ కూత ఏ స్కోరు దగ్గర జరిగిందో మీకే తెలియదు. విరామం తరువాత జట్లు వైపులు మారతాయి కనుక కెమెరా కూడా ఎదుటి పక్కకు మారితే ప్రేక్షకుడికి ఎవరు ఎటు ఆడుతున్నారో అర్థం కాదు, పెద్ద కెమెరాను ఒకే పక్కన ఉంచడం క్షేమం. ఆడే పిల్లల ఒంటికి మైకు తగిలించే ఆలోచన మానుకోవాలి, పట్టు పడినప్పుడు అది గాయం చేస్తుంది. నడిమి గీత చివర గొట్టం మైకు పట్టుకున్న మనిషి ఉంటే కూత బాగానే వినిపిస్తుంది.

మలుపు తిరిగే మనిషి ఎవరో ముందు తెలియదు

మా అసలు తప్పు ఇక్కడ జరిగింది. జూన్, జూలై నెలల్లో మేము కెప్టెన్ వెంటే తిరిగాము. ఆమె ఇల్లు, తండ్రి ఆటో, ఉదయం పరుగు, అన్నీ కలిపి పంతొమ్మిది గంటల దృశ్యాలు. ఓడిన మ్యాచ్ తరువాత కొద్ది రోజులకు జిల్లా జట్టు ఎంపిక జాబితా వచ్చింది. అందులో ఉన్నది రెండో రైడర్ పేరు, కెప్టెన్ పేరు లేదు. చిత్రానికి నిజమైన మలుపు అదే. ఒకే బెంచీ మీద కూర్చునే ఇద్దరు స్నేహితురాళ్ళ మధ్య ఆ సాయంత్రం ఏర్పడిన మౌనం ఏ ఫైనల్ కంటే బరువైనది. కాని ఆ రెండో అమ్మాయివి అంతకు ముందు మా దగ్గర ఉన్నవి నలభై నిమిషాలే, అవి కూడా ఎక్కువగా కెప్టెన్ వెనక నడుస్తున్నవి. ఆమె ఎందుకు మాట్లాడదో, బోనస్ గీత మీద అంత గురి ఎలా వచ్చిందో చూపించే వీలే లేకపోయింది.

ఫలితం వచ్చిన తరువాత ఆమె ఇంటికి వెళ్ళి తీశాము. అది జూలై దృశ్యంలా అనిపించలేదు. అప్పటికే అందరూ శుభాకాంక్షలు చెబుతున్నారు, గోడ మీద పతకం ఉంది, తల్లి గొంతులో ధీమా ఉంది. ఆ దృశ్యాన్ని మొదట్లో పెట్టి పాతదిగా చూపించవచ్చని బృందంలో ఒకరన్నారు. అలా చేస్తే చిత్రం అబద్ధమవుతుందని వదిలేశాము. దాని బదులు ఆమె పాత దృశ్యాలు నలభై నిమిషాలనూ మళ్ళీ చూసి, కెప్టెన్ వెనక నడుస్తూ ఆమె అడుగులు లెక్కపెట్టుకుంటున్న ఒక చిన్న ముక్కను పట్టుకున్నాము. అది దొరకడం అదృష్టం, ప్రణాళిక కాదు.

మీరు చేయవలసింది ఏమిటంటే, మొదటి ఆరు వారాల్లో ముగ్గురు పిల్లలను సమానంగా తీయాలి: ఇప్పుడు బాగా ఆడుతున్నవారు ఒకరు, బెంచీ మీదున్నవారు ఒకరు, ఇంట్లో ఆటకు ఒప్పుకోనివారు ఒకరు. ఒక్కొక్కరికి ఇంటి దగ్గర ఒక పూట, ప్రాక్టీసులో ఒక పూట, వారికి ఏం కావాలో వారి మాటల్లో ఒక్కసారి. రోజూ రాత్రి తీసిన దృశ్యాలను లాగ్ పుస్తకంలో రాసేటప్పుడు ఎవరు ఎన్ని నిమిషాలు వచ్చారో పక్కన వేసుకుంటే, మీ కళ్ళు ఎటు లాగుతున్నాయో వారంలోనే తెలుస్తుంది. మా పుస్తకంలో ఆ లెక్క ఉండి ఉంటే ఆగస్టులోనే జాగ్రత్తపడేవాళ్ళం.

వాన సంగతి క్లుప్తంగా చెబుతాను. ఇక్కడ ఆట సీజనూ వానలూ కలిసే వస్తాయి, అక్టోబరులో తుపానులు కూడా ఉంటాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ చూసినవారెవరూ దృశ్యాల ప్రతులను ఒకే ఇంట్లో దాచరు. మైదానం బురదైన రోజున ఇంటికి వెళ్ళిపోకండి. తరగతి గదిలో, వరండాలో జట్టు ఏం చేస్తుందో ఆ రోజే కనిపిస్తుంది, చెవులు పట్టి వరుసలో కూర్చోబెట్టిన దృశ్యం మాకు దొరికింది అలాంటి రోజునే.

అనుమతి ఒక్కసారితో అయిపోదు

ప్రధానోపాధ్యాయుల అనుమతి, తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారం తెలుగులో, వారికి చదివి వినిపించి తీసుకోవాలి. పిల్లలను కూడా విడిగా అడగాలి, కెమెరా ఆపమంటే ఆపుతామని మొదటి రోజే చెప్పి, అలా ఆపి చూపించాలి. సీజన్‌కు ముందు ఇచ్చిన అంగీకారం గెలుపును ఊహించుకుని ఇచ్చినదై ఉంటుంది. కెప్టెన్ జాబితా చదివి గోడకు తిరిగి నిలబడిన దృశ్యం మా దగ్గర ఉంది. రెండు వారాల తరువాత ఆమెకూ, ఆమె తల్లికీ దాన్ని చూపించాము. ముఖం కనిపించే భాగం వద్దంది కెప్టెన్, వీపు కనిపించే భాగం ఉంచుకోమంది. చిత్రంలో ఇప్పుడున్నది ఆ ఏడు సెకన్లే.