లాభం కాగితం మీదుంది, డబ్బు చేతిలో లేదు: బ్యాలెన్స్ షీట్‌లో ఎక్కడ వెతకాలి

షాపుల వాళ్ళు చాలామంది ఆడిటర్ గారు ఇచ్చిన కాగితాల్లో లాభం ఎంతో చూస్తారు, ట్యాక్స్ ఎంత కట్టాలో అడుగుతారు, బ్యాలెన్స్ షీట్ పేజీ మాత్రం లోన్ కావాల్సి బ్యాంకు వాళ్ళు అడిగినప్పుడే బయటికి తీస్తారు. నిజానికి డబ్బు ఎక్కడ ఇరుక్కుందో చెప్పేది ఆ పేజీయే.

ఒక షాపు తీసుకుందాం. గుంటూరు వైపు మిర్చి, పత్తి వేసే ఊళ్ళ మధ్య పురుగుమందులు, విత్తనాలు అమ్మే సొంత షాపు అనుకోండి, అంకెలు అర్థమవడానికి నేను వేసినవి. 2024-25లో అమ్మకాలు 2 కోట్ల 40 లక్షలు, లాభం 12 లక్షలు. కింద ఉన్నవన్నీ లక్షల్లో.

| | 31-3-2024 | 31-3-2025 |
|---|---|---|
| క్యాపిటల్ | 40 | 44 |
| బ్యాంకు ఓడీ | 25 | 35 |
| కంపెనీలకి ఇవ్వాల్సింది | 30 | 45 |
| మొత్తం | 95 | 124 |
| గోడౌన్, ర్యాకులు, బండి | 10 | 24 |
| స్టాకు | 40 | 46 |
| రైతుల దగ్గర రావాల్సింది | 40 | 52 |
| క్యాష్, బ్యాంకు | 5 | 2 |
| మొత్తం | 95 | 124 |

పై మూడు లైన్లు డబ్బు ఎవరిది అని చెప్తాయి, కింద నాలుగు ఆ డబ్బు ఇప్పుడు ఏ రూపంలో ఉందో చెప్తాయి. అప్పులవాళ్ళందరికీ ఇచ్చేశాక ఓనర్‌కి మిగిలేదే క్యాపిటల్, కంపెనీల భాషలో ఈక్విటీ. టాలీ అకౌంట్ల సాఫ్ట్‌వేర్‌లో చూసేవాళ్ళకి ఒక మాట, ఈ ఏడాది లాభం క్యాపిటల్‌లో కలవకుండా `Profit & Loss A/c` అని విడిగా ఉంటుంది, దాన్ని కలిపి చదవాలి. నష్టం వస్తే అదే లైను ఆస్తుల వైపు కనపడుతుంది, అది చూసి ఆస్తి అనుకునేవాళ్ళూ ఉన్నారు!

సమస్య 1: లాభం 12 లక్షలంట, బ్యాంకులో చూస్తే 2 లక్షలే

కారణం ఒక్క ఏడాది షీట్ చూస్తే దొరకదు, రెండేళ్ళవి పక్కపక్కన పెట్టుకోవాలి (టాలీలో బ్యాలెన్స్ షీట్ తెరిచి Alt+C కొడితే ఇంకో కాలమ్ వస్తుంది). చదివే పద్ధతి ఇంతే: అప్పు పెరిగితే ఆ మేరకు డబ్బు లోపలికొచ్చింది, ఆస్తి పెరిగితే ఆ మేరకు డబ్బు అందులోకి పోయింది.

వచ్చింది చూద్దాం. లాభం 12, గోడౌన్, బండి పాతబడినందుకు తరుగుదల అని ఖర్చు రాశారు గానీ ఎవరికీ చెల్లించలేదు కాబట్టి అదొక 1, ఓడీ, అంటే లిమిట్ దాకా ఎప్పుడు కావాలంటే అప్పుడు వాడుకునే బ్యాంకు అప్పు, 10 పెరిగింది, కంపెనీల బాకీ 15 పెరిగింది, చేతిలో ఉన్న క్యాష్ 3 కరిగింది. మొత్తం 41 లక్షలు. పోయింది చూస్తే గోడౌన్‌కి 15, తరుగుదల 1 పోగా షీట్‌లో 14 పెరిగినట్టు కనపడేది ఇదే, రైతుల ఖాతాల్లోకి అదనంగా 12, స్టాకులోకి 6, ఇంటి ఖర్చులకి ఓనర్ తీసుకున్నది 8. అదీ 41. అంటే లాభం ఎవరూ ఎత్తుకుపోలేదు, ఖాతా పుస్తకంలోనూ గోడౌన్ గోడల్లోనూ ఉంది, పైగా అది చాలక ఇంకో 25 లక్షలు బయటి నుంచి తెచ్చి పెట్టారు.

ఇందులో ముందు పట్టించుకోవాల్సింది రైతుల బాకీ. 52ని అమ్మకాలు 240తో భాగించి 365తో గుణిస్తే 79 రోజులొస్తుంది, కిందటేడు అమ్మకాలు 220 అనుకుంటే అప్పుడు 66 రోజులు. అంటే సరుకు ఇచ్చిన డబ్బు తిరిగి రావడానికి సగటున రెండు వారాలు ఎక్కువ పడుతోంది. ఇక్కడ తొందరపడి రైతులు ఎగ్గొడుతున్నారు అనేసుకోకూడదు, ఎందుకంటే మార్చి 31 అంటే మిర్చి ఇంకా యార్డుకి వస్తూ ఉండే టైము, రేటు పడిపోయిన ఏడాది చాలామంది సరుకు కోల్డ్ స్టోరేజీలో పెట్టి రేటు కోసం చూస్తారు, షాపు బాకీ కూడా దాంతోపాటే ఆగిపోతుంది. బ్యాలెన్స్ షీట్ ఆ ఒక్కరోజు ఫోటో లాంటిది, దాని తర్వాత మే ఆఖరికి ఎంత వసూలైందో చూస్తేగానీ లేటు బాకీ ఏదో చచ్చిన బాకీ ఏదో తేలదు.

పరిష్కారం: టాలీలో Display More Reports > Statements of Accounts > Outstandings > Receivables లోకి వెళ్ళి F6 కొట్టి వయసుల వారీగా విడగొట్టండి, బిల్లు వారీగా ఎంట్రీలు వేసుంటేనే ఇది వస్తుంది, లేకపోతే ఖాతా పుస్తకం ముందేసుకుని చేత్తో రాసుకోవడమే. మన షాపులో 52లో 14 లక్షలు ఆరు నెలలు దాటినవి అనుకుందాం. వాళ్ళకి కొత్త సీజన్‌కి మళ్ళీ అరువు ఇచ్చే ముందు పాత బాకీలో కొంతైనా కట్టించుకోవాలి, ఏమీ కట్టలేనివాళ్ళతో కనీసం బాకీ ఇంత ఉంది అని తేదీ వేయించి సంతకం పెట్టించుకోవాలి. అరువు సరుకు డబ్బుకి కోర్టుకెళ్ళే గడువు మామూలుగా మూడేళ్ళు, ఆ గడువు దాటకముందే రాతపూర్వకంగా ఒప్పుకుంటే లెక్క మళ్ళీ మొదట్నుంచి మొదలవుతుంది.

ఇంకోటి, కంపెనీల బాకీ 30 నుంచి 45కి పోయిందంటే మన రైతులకి మనమిచ్చిన అరువుని కంపెనీ డబ్బుతో నడిపిస్తున్నాం అన్నమాట. ఇది ఉచితం అనుకుంటారు గానీ, టైముకి కడితే వచ్చే క్యాష్ డిస్కౌంటు పోతుంది, అది ఎంత పోయిందో కంపెనీ లెడ్జర్‌లో క్రెడిట్ నోట్లు చూస్తే తెలుస్తుంది. రైతు దగ్గర వడ్డీ తీసుకోకుండా మనం మాత్రం డిస్కౌంటు వదులుకుంటుంటే, ఆ అరువు అమ్మకంలో మిగిలేది ఎంతో ఒకసారి లెక్క వేసుకోండి.

సమస్య 2: ఓడీ ఎప్పుడు చూసినా లిమిట్ దాకా నిండే ఉంటుంది, వడ్డీ కట్టడమే గానీ తగ్గదు

ఓడీ అనేది సీజన్‌లో పైకెళ్ళి, వసూళ్ళొచ్చాక కిందకి దిగాలి. దిగట్లేదంటే ఆ డబ్బు తిరిగిరాని చోట పెట్టారని. మన షాపులో అది కళ్ళముందే ఉంది: గోడౌన్‌కి 15 పెట్టారు, కానీ షీట్‌లో టర్మ్ లోన్, అంటే కొన్నేళ్ళ పాటు వాయిదాల్లో కట్టే అప్పు, అనే లైనే లేదు. ఓడీలో 10, కంపెనీలకి ఆపిన డబ్బులో కొంత గోడౌన్ కట్టాయి. గోడౌన్‌ని అమ్మి ఓడీ కట్టం కదా, మరి ఎలా దిగుతుంది!

దీన్ని కొలిచేది కరెంట్ రేషియో, ఏడాదిలోపు డబ్బయ్యే ఆస్తుల్ని ఏడాదిలోపు కట్టాల్సిన అప్పులతో భాగించడం. కిందటేడు 85ని 55తో భాగిస్తే 1.55, ఈ ఏడాది 100ని 80తో భాగిస్తే 1.25. బ్యాంకులు చాలాకాలంగా 1.33ని గీతగా పెట్టుకున్నాయి, అందుకే రెన్యువల్ టైములో మేనేజర్ గారు అన్నిటికన్నా ముందు ఈ అంకె అడుగుతారు.

పరిష్కారం: ఆ 15 లక్షల్ని ఐదేళ్ళ టర్మ్ లోన్‌గా మార్చమని అడగడం. మారిస్తే ఏడాదిలోపు కట్టాల్సిన అప్పులు 80 నుంచి 65కి దిగుతాయి, ఈ ఏడాది కట్టే అసలు 3 దానికి కలిపితే 68, రేషియో 1.47 దగ్గరికి వస్తుంది. అప్పు మొత్తం ఒక్క రూపాయి తగ్గలేదు గమనించండి, కట్టే గడువు మాత్రం ఆస్తి వయసుకి సరిపోయింది. అయితే గోడౌన్ కట్టేశాక వెళ్ళి అడిగితే బ్యాంకులు అంత తేలిగ్గా ఒప్పుకోవు, బిల్లులూ ఎస్టిమేట్లూ అడుగుతాయి, కాబట్టి పునాది తీయకముందే అడగడం మేలు. ఒప్పుకోకపోతే మిగిలిన దారి ఇంటికి తీసుకునే 8ని కొన్నాళ్ళు తగ్గించడం, అది ఇంట్లో చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు, కానీ ఇంకో ఓడీ కన్నా నయం.

సమస్య 3: క్యాపిటల్ 44 లక్షలుంది, అయినా కొత్త లోన్‌కి బ్యాంకు మొహం చాటేస్తోంది

కారణం ఏంటంటే 44 అనేది ఆస్తుల లైన్లు నిజమైతేనే నిజం. పురుగుమందు డబ్బా మీద ఎక్స్‌పైరీ తేదీ ఉంటుంది, అది దాటితే అమ్మకూడదు, అమ్మకానికి ఉన్న సరుకు నుంచి తీసి విడిగా పెట్టాలి. కానీ పుస్తకాల్లో స్టాకు విలువ కొన్న రేటుకే అలా నడుస్తూ ఉంటుంది. మన షాపులో వెనక ర్యాకులో ఉన్న 5 లక్షల సరుకు తేదీ దాటిపోయింది, పాత బాకీ 14లో 9 లక్షలు ఊరొదిలి వెళ్ళినవాళ్ళవి, ఇక రావు అనుకుందాం.

ఇప్పుడు ఈ 5, 9 కలిపి 14 లక్షలు ఆస్తుల్లోంచి కొట్టేయండి. బ్యాంకు ఏమన్నా తగ్గిస్తుందా, కంపెనీ ఏమన్నా వదిలేస్తుందా? ఎవరూ తగ్గించరు, మొత్తం దెబ్బ ఓనర్ లైను మీదే పడుతుంది. క్యాపిటల్ 44 నుంచి 30కి, బయటి అప్పు మాత్రం 80 అలాగే. అంటే ఓనర్ రూపాయికి బయటివాళ్ళవి రెండు రూపాయల అరవై ఏడు పైసలు, కాగితం మీద అది ఒకటీ ఎనభై రెండు. కరెంట్ రేషియో కూడా 1.25 కాదు, 1.08. బ్యాంకు వాళ్ళు స్టాకు చూడ్డానికొచ్చి డబ్బాలు తిప్పి తేదీలు చదివేది ఇందుకే.

పరిష్కారం: మార్చి 31న స్టాకు లెక్కపెట్టేటప్పుడే తేదీ దాటినవి ఒక లిస్టు, ఆరు నెలల్లో దాటబోయేవి ఒక లిస్టు రాయండి. రెండో లిస్టు పట్టుకుని వెంటనే కంపెనీ వాళ్ళని వెనక్కి తీసుకోమని అడగండి, తేదీ దాటాక అడిగితే పలికేవాడు ఉండడు. పోయిన సరుకు రాసేసేటప్పుడు దాని మీద తీసుకున్న జీఎస్టీ క్రెడిట్ వెనక్కి కట్టాలి, అది మర్చిపోతే తర్వాత నోటీసు వస్తుంది. రాని బాకీ పుస్తకాల్లో కొట్టేస్తేనే ఇన్‌కమ్ ట్యాక్స్‌లో ఖర్చుగా తీసుకోవచ్చు, లాభం తక్కువ కనపడుతుందని దాచుకుంటే రాని డబ్బుకి ట్యాక్స్ కట్టినట్టే.

సమస్య 4: క్యాష్ ఇన్ హ్యాండ్ లక్షల్లో చూపిస్తోంది, గల్లాపెట్టెలో వేలు కూడా లేవు

చిన్న షాపుల్లో దీనికి కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే, ఇంటికి తీసుకున్న డబ్బు రాయలేదు. రాస్తే క్యాష్ తగ్గుతుంది, క్యాపిటల్ కూడా అంతే తగ్గుతుంది. రోజూ సాయంత్రం గల్లా లెక్కపెట్టి పుస్తకంతో సరిచూసుకుంటే ఈ గొడవే ఉండదు.

ఇది చిన్న షాపుల జబ్బే అనుకోకండి. మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్‌లో 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు రాసిన ఉత్తరం ప్రకారం, పుస్తకాల్లో ఉన్న 5,361 కోట్ల క్యాష్, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవు. క్యాష్ లైను చూడ్డానికి అన్నిటికన్నా గట్టిగా కనపడుతుంది గానీ, బ్యాంకు స్టేట్‌మెంట్ పక్కన పెట్టి టిక్కు కొట్టేదాకా అదీ ఒక అంకే. ఎవరి షాపులోనైనా పార్ట్‌నర్‌గా చేరమని అడిగితే మార్చి 31 ఒక్కటే చూడొద్దు, మార్చి 25 నుంచి ఏప్రిల్ 10 దాకా బ్యాంకు స్టేట్‌మెంట్ అడగండి, ఆఖరి రోజుకి ముందు వచ్చి ఏప్రిల్ మొదటి వారంలోనే వెళ్ళిపోయిన పెద్ద మొత్తం ఏదైనా ఉంటే అది ఎవరి చేబదులో అడిగి తెలుసుకున్నాకే మిగతా మాటలు.