దసరా మెయిళ్లు పంపే ముందు: పాత కస్టమర్ లిస్టుతో జాగ్రత్త

చిన్న షాపులకు ఈమెయిల్ మార్కెటింగ్ సెటప్ చేసిపెట్టే పనిలో ఎక్కువ నష్టం పండగల ముందే జరుగుతుంది. ఏడాదంతా ఊరుకున్న షాపు యజమాని దసరాకు పది రోజుల ముందు ఫోన్ చేసి, "నా దగ్గర నాలుగు వేల మెయిల్ ఐడీలున్నాయి, రేపే ఆఫర్ పంపించెయ్యి" అంటారు. ఆ మాటకు ఒప్పుకోకండి. కనీసం ఆరు వారాల ముందే పని మొదలవ్వాలి.

మొదట అడగాల్సింది ఈ ఐడీలు ఎక్కడి నుంచి వచ్చాయని. గుంటూరులో ఒక పచ్చళ్ల షాపు ఆవిడ నాకు ఇచ్చిన ఎక్సెల్ షీటులో 4,260 ఉన్నాయి. రెండేసి సార్లు పడినవీ ఖాళీవీ తీసేస్తే 3,880 మిగిలాయి. బిల్లు కౌంటర్లో చేత్తో కొట్టినవి కాబట్టి `gmial.com`, `gmail.con` లాంటివి 95 కనిపించాయి. వాటిలో 60 మందికి ఫోన్ చేసి సరిదిద్దాం, మిగతా 35 తీసేశాం. ఎగ్జిబిషన్ స్టాల్లో పోగైన విజిటింగ్ కార్డులవి ఇంకో 700. "కార్డు ఇచ్చారుగా బాబూ" అన్నారావిడ. కార్డు ఇచ్చినంత మాత్రాన మెయిల్ పంపమని ఒప్పుకున్నట్టు కాదని చెప్పి అవీ తీయించాను. రెండేళ్లుగా ఏమీ కొనని 1,145 మందిని పక్కన పెట్టాం. చివరికి పంపదగినవాళ్లు సరిగ్గా 2,000 మంది.

పక్కన పెట్టేటప్పుడు మెయిల్ తెరిచారా లేదా అన్న లెక్కను నమ్ముకోకండి. 2021 నుంచి ఆపిల్ ఫోన్లలోని మెయిల్ యాప్ మనిషి చూడకపోయినా తెరిచినట్టే చూపించగలదు. లింకు నొక్కారా, ఆర్డర్ పెట్టారా అన్నదే చూడండి.

ఇక నేను చేసిన తప్పు. ఇంకో షాపుకు ముందుగా స్వాగత మెయిళ్ల వరుస తయారుచేసి ఆన్‌లో పెట్టి, తర్వాత పాత లిస్టు ఎక్కించాను. లిస్టులోకి ఎవరు చేరినా మెయిల్ వెళ్లేలా పెట్టింది నేనే. అరగంటలో పాత కస్టమర్లందరికీ "మా కుటుంబంలోకి స్వాగతం" అని వెళ్లిపోయింది. డాలస్ నుంచి ఒకాయన యజమానికి ఫోన్ చేసి, "ఏమండీ, పదేళ్ల నుంచి మీ దగ్గరే కొంటున్నాం, మమ్మల్ని గుర్తుపట్టలేదా?" అని బాధపడ్డారు. అప్పటి నుంచి ఆ వరుసను ఆఫ్ చేశాకే పాత లిస్టు ఎక్కిస్తాను, అందరికీ "పాత కస్టమర్" ట్యాగు పెడతాను, ఆ ట్యాగు ఉన్నవాళ్లకు స్వాగతం వెళ్లకుండా షరతు పెట్టాకే మళ్లీ ఆన్ చేస్తాను. కొత్తవాళ్లకు మూడు మెయిళ్లు చాలు: చేరిన వెంటనే ఒకటి, రెండు రోజులకు ఒకటి, ఐదో రోజున ఒకటి. మధ్యలో ఆర్డర్ పెడితే మిగతావి ఆగిపోవాలి, లేకపోతే కొన్న మనిషికే "ఇంకా కొనలేదా" అని వెళుతుంది.

షాపు జీమెయిల్ ఐడీని పంపేవారి చిరునామాగా పెట్టి, ఒకేసారి చాలామందికి మెయిల్ పంపే టూల్ నుంచి పంపితే స్పామ్‌లో పడటం ఖాయమనుకోండి. సొంత డొమైన్ ఉండాలి, మెయిల్ నిజంగా మన నుంచే వచ్చిందని జీమెయిల్ లాంటివాళ్లు సరిచూసుకునేలా దానికి ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ రికార్డులు పెట్టాలి. ఆఫీసు మెయిల్ కోసం ఎస్‌పీఎఫ్ లైను ముందే ఉంటే రెండోది చేర్చకండి. రెండుంటే రెండూ చెల్లవు. టూల్ వాళ్లు ఎస్‌పీఎఫ్‌లో తమ పేరు చేర్చమంటే పాత లైనులోనే కలపాలి:

```
v=spf1 include:_spf.google.com include:spf.example.com ~all
```

ఇందులో మొదటి పేరు గూగుల్ ఆఫీసు మెయిల్‌ది, మీ లైనులో ముందే ఉన్నది అలాగే ఉంచండి. రెండో పేరు ఉన్నచోట మీ టూల్ ఇచ్చిన పేరు రాయండి.

తర్వాత కొంచెం కొంచెంగా పంపాలి. గుంటూరు షాపుకు మొదటి రోజు ఈమధ్యే కొన్న 200 మందికే పంపాం. మూడు తిరిగొచ్చాయి, అంటే ఒకటిన్నర శాతం. రెండు శాతం దాటితే ఆపి లిస్టు మళ్లీ చూడటం నా పద్ధతి. రెండు రోజులు ఆగి 400, ఆ తర్వాత మిగతావాళ్లు. స్పామ్ బటన్ నొక్కేవాళ్లు వెయ్యికి ముగ్గురికి చేరకూడదని జీమెయిల్ చెబుతుంది, ఒక్కరికంటే తక్కువుంటే మంచిది. జీమెయిల్ ఫిర్యాదులు మన టూల్ రిపోర్టులో కనిపించవు, ఇంత చిన్న లిస్టుకు ఆ లెక్క చూపించే గూగుల్ పోస్ట్‌మాస్టర్ టూల్స్ కూడా చాలాసార్లు ఖాళీగానే ఉంటుంది. అందుకే జీమెయిల్ వాళ్ల క్లిక్కులను విడిగా చూస్తాను. మిగతావాళ్లవి మామూలుగా ఉండి అవి మాత్రం ఒక్కసారిగా పడిపోతే మెయిళ్లు స్పామ్‌లోకి పోతున్నట్టే.

ఫీజు సంగతి పండగకు ముందే కాగితం మీద పెట్టండి. నేను సెటప్‌కు విడిగా 15,000, నెలకు 6,000 తీసుకుంటాను. అందులో నెలకు నాలుగు మెయిళ్లు, మూడు నెలలకోసారి లిస్టు శుభ్రం చేయడం ఉంటాయి. ఐదో మెయిల్‌కు వేరే రేటు, ఎందుకంటే దసరా వారంలో రోజుకొకటి అడుగుతారు. టూల్ బిల్లు యజమాని కార్డు మీదే ఉండాలి. పేర్లు పెరిగితే ఆ బిల్లూ పెరుగుతుంది, కొన్ని టూల్స్ వద్దని వెళ్లిపోయినవాళ్లను కూడా లెక్కేస్తాయి. డొమైన్, టూల్ లాగిన్లు కూడా యజమాని పేరు మీదే ఉంచండి. మీరు మానేసిన రోజున వద్దన్నవాళ్ల జాబితాను విడి ఫైలుగా అప్పగించండి. అది లేకపోతే తర్వాత వచ్చినవాళ్లు పాత ఎక్సెల్ షీటునే మళ్లీ ఎక్కించి వాళ్లందరికీ పంపేస్తారు.