ఇంటర్నల్స్‌కు ముందు: థెవెనిన్ లెక్కలో చిట్కా ఎక్కడ దెబ్బతీస్తుంది?

తమ్ముళ్లారా, చెల్లెళ్లారా,

రాబోయే ఇంటర్నల్‌లో మీకు థెవెనిన్ సిద్ధాంతం ఉంది కాబట్టి అందులో థెవెనిన్ రెసిస్టెన్స్ కనుక్కునే ఒక్క లెక్క గురించే మాట్లాడతాను. “సోర్సులన్నీ సున్నా చేసి, మిగిలిన రెసిస్టెన్సులు కలిపేయాలి” అనే చిట్కాను పాత ప్రశ్నపత్రాల నుంచి బట్టీపట్టి నేను పూర్తి మార్కులు తెచ్చుకున్నాను. నాకు విషయం రాదన్న సంగతిని ఆ మార్కులే సెమిస్టర్ పరీక్ష దాకా కప్పిపెట్టాయి. అందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను.

ఆ చిట్కా కొన్ని లెక్కల్లో సరైనదే కావడం వల్లనే మనం మోసపోతాం. 12 వోల్టుల సోర్సు 4 ఓమ్‌ల రెసిస్టెన్స్ ద్వారా ఏ అనే బిందువుకు చేరుతోందని, ఏ నుంచి గ్రౌండ్‌కు 12 ఓమ్‌లు ఉన్నాయని అనుకోండి. సోర్సు ఉన్నచోట తీగ కలిపితే 4, 12 ఓమ్‌లు సమాంతరంగా నిలిచి 3 ఓమ్‌లు వస్తాయి. అది సరైన జవాబే.

ఇప్పుడు అదే బొమ్మలో ఏ నుంచి గ్రౌండ్‌కు కరెంటును లాగే డిపెండెంట్ సోర్సు ఒకటి చేర్చండి. దాని విలువ, ఏ దగ్గరి వోల్టేజ్‌ని 6తో భాగిస్తే వచ్చినన్ని ఆంపియర్లు. బొమ్మలో దీన్ని డైమండ్ ఆకారంలో గీస్తారు. దీని విలువ సర్క్యూట్‌లోని వోల్టేజ్ మీదే ఆధారపడుతుంది కనుక దీన్ని మనంతట మనం సున్నా చేయకూడదు. చిట్కా పట్టుకున్నవారు దీన్నీ తీసేసి మళ్లీ 3 ఓమ్‌లే రాస్తారు.

సరిచూసుకునే దారి ఇది. ‘ఏ’ దగ్గర లోడ్ లేనప్పుడు, 4 ఓమ్‌ల గుండా వచ్చే కరెంటు మిగతా రెండు దారుల్లో పోయే కరెంటుకు సమానమని రాస్తే ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్ 6 వోల్టులు వస్తుంది. ఏని గ్రౌండ్‌కు షార్ట్ చేస్తే అక్కడ వోల్టేజ్ సున్నా, డిపెండెంట్ సోర్సు కరెంటూ సున్నా. కాబట్టి షార్ట్ సర్క్యూట్ కరెంటు 12ను 4తో భాగించగా 3 ఆంపియర్లు. 6ను 3తో భాగిస్తే రెసిస్టెన్స్ 2 ఓమ్‌లు, 3 కాదు. తర్వాతి ప్రశ్నలో గరిష్ఠ పవర్ అడిగితే ఈ తప్పు అక్కడికీ పాకి, 4.5 వాట్లకు బదులు 3 వాట్లు రాయిస్తుంది.

అందుకే పాత ప్రశ్నను సాధన చేసేటప్పుడు జవాబు చూడకముందే బొమ్మలో డైమండ్ ఉందేమో వెతకండి. లేకపోతే మీరే ఒకటి చేర్చి మళ్లీ చేయండి. ఒక జాగ్రత్త: బొమ్మలో ఇండిపెండెంట్ సోర్సు ఒక్కటీ లేకపోతే సాధారణంగా పై రెండు విలువలూ సున్నా అవుతాయి, భాగహారం పనికిరాదు. అప్పుడు ‘ఏ’ బిందువు వైపు నుంచి 1 ఆంపియర్ కరెంటును లోపలికి పంపినట్లు ఊహించి, అక్కడ వచ్చే వోల్టేజ్‌ని లెక్కించండి. ఆ సంఖ్యే ఓమ్‌లలో రెసిస్టెన్స్ అవుతుంది.