పోటీ డెయిరీ మార్జిన్‌తో మన మార్జిన్‌ను పోల్చడం ఎలా?

పోటీ కంపెనీకి 8 శాతం, మనకు 4 శాతం, కాబట్టి ఖర్చులు తగ్గించాలి. ఇలా తేల్చేసే నివేదికలు ఎన్నో చూశాను. ఆ రెండు శాతాలూ ఒకే కొలతతో కొలిచినవేనా అని అడిగినవారు అరుదు. ఒక మధ్యతరహా డెయిరీని తీసుకుని ఈ పని చేసే తీరు చెబుతాను. అంకెలు ఉదాహరణకు వేసుకున్నవి.

1. పత్రాలు తెచ్చుకోండి

లిస్టయిన కంపెనీల వార్షిక నివేదికలు స్టాక్ ఎక్స్ఛేంజీ సైట్లలో ఉచితంగా దొరుకుతాయి. మిగతావి కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో రుసుము కడితే వస్తాయి. మూడేళ్లవి తీసుకోండి. చలికాలంలో పాలు సమృద్ధిగా వస్తాయి, వేసవిలో తగ్గుతాయి కాబట్టి మూడు నెలల లెక్క పనికిరాదు.

అనుబంధ సంస్థలను కలపని స్టాండలోన్ లెక్కలే వాడాలి. దొడ్ల డెయిరీ కన్సాలిడేటెడ్ లెక్కల్లో ఉగాండా, కెన్యా వ్యాపారమూ కలిసి ఉంటుంది. దానితో మన జిల్లా డెయిరీని పోల్చి లాభం లేదు.

2. రెండింటినీ ఒకే కొలతకు తెండి

అందరూ తప్పేది ఇక్కడే. వడ్డీ, తరుగుదల, పన్ను తీయకముందు లాభాన్నే మార్జిన్‌కు వాడుదాం. పోటీ కంపెనీ అమ్మకాలు 1,000 కోట్లు, లాభం 80 కోట్లు. మన అమ్మకాలు 100 కోట్లు, లాభం 4 కోట్లు.

ముందుగా వాళ్ల 80 కోట్లలో ‘ఇతర ఆదాయం’ ఎంతో చూడండి. డిపాజిట్ల వడ్డీ వంటివి 10 కోట్లు ఉన్నాయనుకుందాం. అది పాల వ్యాపారం కాదు, తీసేయండి. 70 మిగిలింది.

తర్వాత అద్దెలు. ఇండ్ ఏఎస్ 116 అనే అకౌంటింగ్ ప్రమాణం 2019 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాన్ని పాటించే కంపెనీ దీర్ఘకాలిక లీజు అద్దెలను ఖర్చులో చూపదు. అవి తరుగుదలలోకి, వడ్డీలోకి వెళతాయి. మనం దాన్ని పాటించడం లేదు. అంటే మన లాభంలోంచి చిల్లింగ్ సెంటర్ల అద్దె పోతుంది, వాళ్ల లాభంలోంచి పోదు. లీజుల నోట్‌లో ఏటా కట్టిన మొత్తం ఉంటుంది. అది 12 కోట్లయితే వాళ్ల లాభం 58 కోట్లు, మార్జిన్ 5.8 శాతం. వాళ్లు కొత్తగా చేసిందేమీ లేదు, లెక్క రాసే తీరే వేరు.

ఇప్పుడు మన వైపు. మనం పూర్తి ధరను అమ్మకంగా రాసి, ఏజెంట్ల కమిషన్ 6 కోట్లను ఖర్చులో చూపుతున్నాం. వాళ్లు కమిషన్ తీసేసిన మొత్తాన్నే అమ్మకంగా రాస్తున్నారు. వాళ్ల పద్ధతిలో మన అమ్మకాలు 94 కోట్లు. లాభం మారదు.

ఇక్కడితో ఆపేస్తే మోసం. మనకు నచ్చని సవరణ కూడా చేయాలి. యజమాని కుటుంబంలో ఇద్దరు జీతం లేకుండా పని చేస్తున్నారు. ఆ పనికి బయటివారిని పెడితే 50 లక్షలవుతుంది, అదీ తీసేయండి. మన లాభం 3.5 కోట్లు, మార్జిన్ 3.7 శాతం.

ఏమేం సవరించాలో ఫలితం చూడకముందే కాగితం మీద రాసిపెట్టుకోండి. ఫలితం చూశాక తట్టే సవరణలన్నీ మనకు అనుకూలంగానే ఉంటాయి. పరిశ్రమ సగటుతో పోల్చడాన్ని నేను ఒప్పుకోను. సగటులో ఈ సవరణల్లో ఒక్కటీ చేయలేం. ఇద్దరు ముగ్గురు పోటీదారులను లోతుగా చదివితే చాలు.

3. తేడాను విడదీయండి

4 శాతం అనుకున్న తేడా 2.1 అయింది. ఇందులో ఏ సరుకు ఎంత అమ్ముతున్నారన్న దాని వల్ల వచ్చింది ఎంతో చూడాలి. హట్సన్ వంటి సంస్థ పాలతో పాటు అరుణ్ ఐస్‌క్రీమ్ కూడా అమ్ముతుంది. పాల ప్యాకెట్లు మాత్రమే అమ్మే డెయిరీ ఆ మార్జిన్ చూసి బెంగపడటం వృథా.

మన పాలపై 3 శాతం, పెరుగుపై 10 శాతం వస్తోందనుకుందాం. మన అమ్మకాల్లో పెరుగు పదో వంతు, వాళ్లకు 30 శాతం. మన మార్జిన్లను వాళ్ల నిష్పత్తిలో వేస్తే 5.1 శాతం వస్తుంది. అంటే తేడాలో 1.4 సరుకుల కలయికది, 0.7 మాత్రమే పనితీరుది.

ఆ 1.4ను సాకుగా రాయకండి. పెరుగు తక్కువ అమ్మడం మన నిర్ణయమే. దాన్ని మార్చాలంటే ఇన్‌క్యుబేషన్ గది, కోల్డ్ రూమ్, శీతల వాహనాలు కావాలి. ఆ పెట్టుబడిపై వచ్చే రాబడిని విడిగా లెక్కించాలి.

మిగిలిన 0.7 మన అమ్మకాలపై దాదాపు 66 లక్షలు. దీన్ని సేకరణ ధర, రవాణా, కరెంటుల్లో వెతకాలి. వెన్న, ఎస్‌ఎన్‌ఎఫ్ అనే వెన్న కాని ఘనపదార్థాల శాతాలను బట్టి లీటరుకు వాళ్లు ఎంత ఇస్తున్నారో వార్షిక నివేదిక చెప్పదు. రెండు డెయిరీలకూ పాలు పోసే ఊళ్లలో రైతుల చీటీలు చూస్తే తెలుస్తుంది. మనం లీటరుకు అర్ధరూపాయి ఎక్కువ ఇస్తున్నట్టు తేలితే నివేదికలో అలాగే రాయండి. వేసవిలో రైతు మనల్ని వదిలి వెళ్లకపోవడానికి కారణం అదే కావచ్చు. కాబట్టి ఆ మొత్తాన్ని వృథా ఖర్చు కింద వేసే ముందు రెండు వేసవుల సేకరణ లెక్కలు పక్కన పెట్టి చూడండి.