బ్యాంకులో వేసిన పెద్ద మొత్తం నగదుకు వివరణ లేఖ ఎలా రాయాలి?

ఖాతాలో పెద్ద మొత్తం నగదు వేసిన కొన్నాళ్లకు, ఆ డబ్బు ఎక్కడిదో ఆధారాలతో రాసి ఇమ్మని బ్యాంకు అడుగుతుంది. చాలామంది ఇంట్లో ఉన్న కాగితాలన్నింటికీ జిరాక్సులు తీయించి, పైన ‘ఇది నా కష్టార్జితం’ అని నాలుగు వాక్యాలు రాసి ఇచ్చి వస్తారు. మళ్లీ ప్రశ్నలు వస్తే బ్యాంకు వేధిస్తోందంటారు. ఇలాంటి లేఖలు చదివీ, తిరగరాసీ విసిగిపోయి ఇది రాస్తున్నాను.

1. ఏం అడిగారో చూడండి

ఏ తేదీన వేసిన ఎంత మొత్తం గురించి అడిగారు, ఎప్పటిలోగా ఇవ్వాలి అన్నవి గుర్తు పెట్టుకోండి. నోటితో అడిగి ఉంటే రాతపూర్వకంగా అడగమనండి. అడగని జమల గురించి మీరుగా రాయకండి.

2. కాగితాలు తీయండి

నగదు జమ చేసిన రశీదు, ఆ నెల స్టేట్‌మెంటు, డబ్బు పుట్టిన చోటి కాగితం కావాలి. మరో బ్యాంకు నుంచి తీసిన డబ్బయితే అక్కడి స్టేట్‌మెంటు, వస్తువు అమ్మితే అమ్మకం ఒప్పందం, ఎవరైనా ఇచ్చిన డబ్బయితే వారి సంతకంతో ఉత్తరంతోపాటు వారు ఆ డబ్బు తీసినట్టు చూపే వారి స్టేట్‌మెంటు. ఈ చివరిదాన్ని దాదాపు అందరూ మరచిపోతారు. అప్పుడు ప్రశ్న మీ దగ్గర తీరినా, ఇచ్చినవారి దగ్గర మళ్లీ మొదలవుతుంది.

అఫిడవిట్ రాయించుకుంటే చాలని కొందరు సలహా ఇస్తారు. మీరు ప్రమాణం చేశారని అది చెబుతుందే తప్ప డబ్బు ఎక్కడిదో చెప్పదు. బ్యాంకు ప్రత్యేకంగా అడిగితే తప్ప ఆ ఖర్చు అనవసరం.

3. డబ్బు పుట్టిన చోటి నుంచి కౌంటరు దాకా దారి చూపండి

లేఖలన్నీ తప్పేది ఇక్కడే. మీ దగ్గర ఒకప్పుడు డబ్బు ఉండేదని మాత్రమే ఆధార పత్రం చెబుతుంది. కౌంటరులో ఇచ్చిన నోట్లు ఆ డబ్బేనని చెప్పదు. రెండింటి మధ్య మొత్తంలో తేడా ఉంటుంది, రోజుల్లో తేడా ఉంటుంది. మీ లేఖ ఆ రెండు తేడాలకూ జవాబు చెప్పాలి.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇంట్లో ఒకరికి శస్త్రచికిత్స ఉందని ఒకాయన తన పాత బ్యాంకు నుంచి మార్చి 3న 4,00,000, మార్చి 5న 2,00,000 నగదు తీశారు. మార్చి 28న వేరే బ్యాంకులోని ఖాతాలో 4,50,000 వేశారు. వివరణ అడిగితే పాత బ్యాంకు స్టేట్‌మెంటు ఒక్కటే జతచేసి ‘నా డబ్బే తీసి నేనే వేశాను’ అని రాసిచ్చారు. ఆయన చెప్పింది నిజమే. చదివేవారికి మాత్రం ఆరు లక్షలు తీస్తే నాలుగున్నర లక్షలే ఎందుకు వచ్చిందన్న సందేహం కలుగుతుంది. ఆ ఆరు లక్షలూ మూడు వారాల్లో ఖర్చయిపోయి, ఈ నాలుగున్నర లక్షలు మరెక్కడినుంచో వచ్చి ఉండవచ్చు కదా?

ముందు మొత్తం సంగతి. తీసినది 6,00,000. మార్చి 14న ఆసుపత్రికి నగదుగా కట్టినది 1,38,000, దానికి రశీదు ఉంది. మందులకు 7,400, బిల్లులు ఉన్నాయి. రాకపోకలకు, భోజనాలకు 4,600, దీనికి కాగితం లేదు. మిగిలినది 4,50,000. ఇలా తీసివేత లెక్కగా రాయాలి. కాగితం లేని 4,600ను దాచకండి, దానికోసం ఎవరినో బతిమాలి బిల్లు పుట్టించకండి. ‘దీనికి రశీదులు లేవు’ అని ఒక్క ముక్క రాస్తే సరిపోతుంది. అంత పెద్ద లెక్కలో ఈ చిన్న మొత్తం ఎవరినీ కలవరపెట్టదు. కానీ ఒక్క బిల్లు తేదీ మార్చినట్టు కనిపించినా మిగతా కాగితాలన్నింటి మీదా అనుమానం పడుతుంది.

తరువాత రోజుల సంగతి. బిల్లు మార్చి 14న కట్టేస్తే 28 దాకా డబ్బు ఇంట్లో ఎందుకుంది? రెండో శస్త్రచికిత్స అవసరం కావచ్చని వైద్యుడు చెప్పినందుకు నగదు అట్టిపెట్టుకున్నారు. 27న మళ్లీ చూసి అక్కర్లేదన్నారు. ఆ తేదీతో వైద్యుడి చీటీ ఉంది. మరునాడే జమ చేశారు. ఈ చీటీ ఆయన మొదట జతచేయనే లేదు, డబ్బుకు సంబంధించింది కాదని. నిజానికి అన్నింటికంటే పనికొచ్చింది అదే.

ఏళ్ల తరబడి ఇంట్లో దాచుకున్న డబ్బయితే ఇంత చక్కని దారి దొరకదు. జీతం నుంచి నెలనెలా తీసిన నగదు, ఇంటి ఖర్చు, మిగులు అని ఉన్నంత మేరకు చూపండి. ఆధారం లేని భాగం ఎంతో అంకెతో చెప్పండి. ముక్కలు ముక్కలుగా వేస్తే ఎవరూ అడగరని చెప్పేవారి మాట వినకండి. అలా విడగొట్టడమే బ్యాంకు వ్యవస్థ వెతికే అనుమానపు గుర్తుల్లో ఒకటి, కొన్ని దేశాల్లో అదే నేరం కూడా. ఇంకొక జాగ్రత్త: కొన్ని దేశాల్లో ఒక పరిమితికి మించి నగదు పుచ్చుకోవడమే నిషేధం. ఏదైనా అమ్మి నగదు తీసుకుని ఉంటే, లేఖ ఇచ్చే ముందు పన్నుల లెక్కలు చూసేవారికి చూపించండి. మీరు సంతకం చేసి ఇచ్చాక ఆ కాగితం వెనక్కి రాదు.

4. లేఖ రాయండి

ఒక్క పేజీ, అంతే. రెండో పేజీ ఉన్న లేఖలో ఎక్కడో అనవసరమైన మాట ఉంటుంది. మీ లేఖను తేల్చేది కౌంటరులో మీరెరిగిన ఉద్యోగి కాకపోవచ్చు. మీ ముఖం ఎన్నడూ చూడని తనిఖీ విభాగం వారు ఫైలులో చదువుతారు. కాబట్టి ‘మీకు తెలిసిందే’ అన్న మాట, చట్టాల సెక్షన్లు, కోపం, వినయం ఏవీ వద్దు. ఇలా ఉంటే చాలు:

> విషయం: మార్చి 28న నా ఖాతాలో జమ చేసిన 4,50,000 నగదు గురించి.
>
> ఈ మొత్తం నేను మార్చి 3, 5 తేదీల్లో నా మరో ఖాతా నుంచి తీసిన 6,00,000లో మిగిలినది (జత 1). ఆసుపత్రికి 1,38,000 (జత 2), మందులకు 7,400 (జత 3), రాకపోకలకు, భోజనాలకు 4,600 ఖర్చయింది. ఈ 4,600కు రశీదులు లేవు. రెండో చికిత్స అవసరం కావచ్చని నగదు ఉంచాను. అక్కర్లేదని మార్చి 27న వైద్యులు చెప్పాక (జత 4) మరునాడు జమ చేశాను.

కింద పేరు, ఖాతా సంఖ్య, తేదీ, సంతకం. ప్రతి జతకు కుడివైపు పైన అంకె వేయండి. స్టేట్‌మెంటులో ఆ రెండు వరుసలకు పక్కన గీత పెట్టండి. రంగు పూయవద్దు, జిరాక్సులో నల్లగా పడి అంకె కనబడదు.

5. ఇచ్చి రండి

అసలు కాగితాలు చూపించి, నకళ్లు మాత్రమే ఇవ్వండి. మీ ప్రతి మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ‘నా మీద ఎక్కడైనా ఫిర్యాదు చేశారా?’ అని అక్కడి ఉద్యోగిని నిలదీయకండి. అనుమానాస్పద లావాదేవీగా నివేదించినా ఆ సంగతి ఖాతాదారుకు చెప్పకూడదని అంతర్జాతీయ నియమం ఉంది. అక్రమ ధనం చలామణిని అరికట్టేందుకు 1989లో ఏర్పడిన ఎఫ్‌ఏటీఎఫ్ అనే అంతర్జాతీయ సంస్థ సిఫారసుల్లో అది ఒకటి. లావాదేవీల పత్రాలను బ్యాంకులు కనీసం 5 ఏళ్లు దాచాలనీ అవే సిఫారసులు చెబుతున్నాయి. మీ ముద్ర పడిన ప్రతినీ, అసలు బిల్లులనూ కనీసం అన్నాళ్లు దాచండి. మళ్లీ ఎవరైనా అడిగితే కొత్తగా రాయకుండా ఇదే ప్రతి నకలు ఇవ్వండి.