కాస్ట్ షీట్‌ల లాభం తేడా వస్తోందా? ముందు పీసులు లెక్కపెట్టుండ్రి

మా దగ్గర బీకాం పిల్లలైనా, వరంగల్ కొత్తవాడల జంపఖానాలు నేయించే చిన్న యూనిట్ల లెక్కలు రాసేటోళ్లైనా తెచ్చే సమస్య ఒక్కటే ఉంటది. ప్రైమ్ కాస్ట్ కరెక్టే, వర్క్స్ కాస్ట్ కరెక్టే, కాస్ట్ ఆఫ్ ప్రొడక్షన్ గూడ కరెక్టే, కానీ కాస్ట్ ఆఫ్ సేల్స్ కాడికి వచ్చేసరికి లాభం పదో పదమూడో వేలు ఎక్కువో తక్కువో వస్తది. ఇగ కూడికలు మూడుసార్లు చేస్తరు, క్యారేజ్ ఎక్కడ పెట్టిన్నో చూస్తరు, కానీ పీసులు మాత్రం లెక్కపెట్టరు. చూడాల్సింది ముందు అదే.

కాస్ట్ షీట్ మొదలువెట్టకముందే పైన ఓ లైన్ రాయుండ్రి: మొదట ఉన్న పీసులు, వాటికి తయారైనవి కలిపి, చివర మిగిలినవి తీసేస్తే, అమ్మినవి రావాలె. ఈ నాలుగు అంకెల్ల ప్రశ్నల మూడే ఇస్తరు, నాలుగోది మనమే తీయాలె. ఈ లైన్ రాయకుండ కిందికి పోయినోళ్లకే ఆ తేడా వస్తది.

ఓ లెక్క చేసి చూద్దాం. ఒక జంపఖానాల యూనిట్, ఒక ఏడాది. నూలు, రంగులు కలిపి మొదటి స్టాక్ 40,000, కొన్నది 3,10,000, తెప్పించిన కిరాయి 10,000, చివర మిగిలింది 60,000. అంటే వాడిన సరుకు 3,00,000. నేత కూలి 1,50,000, డిజైన్ చేయించిన ఖర్చు 10,000. ప్రైమ్ కాస్ట్ 4,60,000. మగ్గాల షెడ్డు కిరాయి, కరెంటు, సూపర్‌వైజర్ జీతం అన్నీ కలిపి ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్ 80,000. మగ్గాల మీద సగం నేసినవి మొదట 20,000 విలువ, చివర 10,000 విలువ. ఓవర్‌హెడ్ కలిపి, మొదటిది కలిపి, చివరిది తీసేస్తే వర్క్స్ కాస్ట్ 5,50,000. ఆఫీస్ ఓవర్‌హెడ్ 50,000 కలిపితే కాస్ట్ ఆఫ్ ప్రొడక్షన్ 6,00,000. తయారైన జంపఖానాలు 1,000. అంటే పీసుకు 600 రూపాయలు. ఇక్కడిదాకా అందరూ వస్తరు.

ఇగ అసలు కథ. పాత స్టాక్ 100 పీసులు, విలువ 55,000. చివర మిగిలింది 200 పీసులు, కానీ ప్రశ్నల దాని విలువ ఇయ్యలే. అమ్మినవి 100 + 1,000 - 200, అంటే 900. ఈ 200 పీసులకు ఏ రేటు వెయ్యాలె? 6,00,000ను 1,000తోని భాగిస్తే వచ్చిన 600. స్టాక్ విలువ 1,20,000. అప్పుడు 55,000 + 6,00,000 - 1,20,000, అమ్మిన సరుకు ఖర్చు 5,35,000. అమ్మకం ఖర్చులు పీసుకు 50 చొప్పున 900 పీసులకు 45,000. కాస్ట్ ఆఫ్ సేల్స్ 5,80,000. పీసుకు 750 లెక్కన అమ్మకం 6,75,000, లాభం 95,000.

తప్పు రెండు తీర్లుగా జరుగుతది. ఒకటి, 6,00,000ను అమ్మిన 900తోని భాగించుడు. రేటు 666.67 అయితది, స్టాక్ 1,33,333 అయితది, లాభం 1,08,333. నీ లాభం ఇట్ల 333లు, 667లతోని వచ్చిందంటే ముందు ఇదే అనుమానించు. రెండు, పాత స్టాక్ 55,000 కలిపి 6,55,000 అయినంక దాన్ని ఈ ఏడు తయారైన 1,000తోని భాగించుడు. రేటు 655, స్టాక్ 1,31,000, లాభం 1,06,000. ఇది రౌండ్ అంకె కాబట్టి కంటికి అనుమానం రాదు, అందుకే మస్తు ప్రమాదం. పైన పాత పీసుల ఖర్చు గూడ ఉన్నది, కింద వాటి పీసులు లేవు, అదీ తప్పు. ఒకవేళ వెయిటెడ్ యావరేజ్ పద్ధతి వాడమని అడిగితే 6,55,000ను 1,100తోని భాగించుడు కరెక్టే, రేటు 595.45 వస్తది. ఏ పద్ధతో చెప్పకపోతే మన పుస్తకాల్ల పాతవి ముందు అమ్ముడైనయి అనుకుంటరు, కాబట్టి మిగిలినవన్నీ ఈ ఏడు తయారైనవే, రేటు 600.

ఇది పరీక్షల మార్కులకే పరిమితం అనుకోకుండ్రి. నేను లెక్కలు రాసే ఓ యూనిట్‌ల ఒక ఏడు 800 పీసులు నేసిన్రు, పాత స్టాక్ 300 ఉండె, చివర 100 మిగిలినయి, అంటే 1,000 అమ్ముడైనయి. కాస్ట్ ఆఫ్ ప్రొడక్షన్ 4,80,000. తొందరల 1,000తోని భాగించి పీసుకు 480 అని రాసి ఇచ్చిన. ఓనర్ దానికి అమ్మకం ఖర్చు 50, లాభం 40 కలిపి 570కి 200 పీసుల ఆర్డర్ ఒప్పుకున్నడు. నిజానికి తయారీకే 600, అమ్మకం ఖర్చుతోని 650. పీసుకు 80 చొప్పున 16,000 లాసు. ఆర్డర్ పోయినంక తెలిసింది. తయారీ కంటే అమ్మకం ఎక్కువున్న ఏడు ఈ తప్పు రేటును కిందికి గుంజుతది, తక్కువున్న ఏడు మీదికి లేపుతది, అందుకే ప్రతి ఏడు ఒకే దిక్కు కనవడదు, దొరకదు.

గుర్తుపట్టుడు ఎట్ల అంటే, చివరి స్టాక్ విలువను దాని పీసులతోని భాగించి చూడుండ్రి, కాస్ట్ ఆఫ్ ప్రొడక్షన్‌ను తయారైన పీసులతోని భాగిస్తే వచ్చే రేటే రావాలె. పాతవి ముందు అమ్ముడైనయి అనుకునే లెక్కలకు ఇది వర్తిస్తది, వెయిటెడ్ యావరేజ్‌కు కాదు. తర్వాత అమ్మకం ఖర్చుల కాడికి పోయి 1,000తోని గుణించిన్రా 900తోనా చూడుండ్రి, అమ్మినవాటికే ఆ ఖర్చు. కొందరు ఆ 50 గూడ కలిపి మిగిలిన స్టాక్‌ను 650 లెక్కన కడ్తరు, అమ్మకముందే అమ్మకం ఖర్చు ఎట్ల పడ్తది, పడదు.

పీసులు సరిపోయినా తేడా ఉంటే మిగిలినవి తొందరగ చూడుండ్రి. సరుకు తెప్పించిన కిరాయి ప్రైమ్ కాస్ట్‌ల, సరుకు పంపిన కిరాయి అమ్మకం ఖర్చుల. బ్యాంకు వడ్డీ, ఇన్‌కమ్ ట్యాక్స్, చందాలు కాస్ట్ షీట్‌ల అసలు రావద్దు. సగం నేసిన సరుకు విలువ ప్రైమ్ కాస్ట్ లెక్కన ఇచ్చిన్రని ప్రత్యేకంగ రాస్తే ఆ కాడనే సర్దాలె, లేకుంటే వర్క్స్ కాస్ట్‌లనే. ఆఫీస్ ఓవర్‌హెడ్ విషయంల మాత్రం ఒక్క మాట: మన బీకాం పుస్తకాల్ల మొత్తం కాస్ట్ ఆఫ్ ప్రొడక్షన్‌ల కలుపుతరు, సీఎంఏ పరీక్ష రాసేటోళ్లు తయారీకి సంబంధించిన భాగమే అక్కడ కలిపి మిగిలింది కింద చూపాలె. ఆ పద్ధతిల పీసు రేటు తగ్గుతది, దాంతోని చివరి స్టాక్ విలువ గూడ మారుతది, కాబట్టి రెండు పుస్తకాల జవాబులు పోల్చేముందు ఆ లైన్ ఎక్కడ పెట్టిన్రో చూసుకోండ్రి.